గ్రూప్ ప్రాజెక్టుకు గాంట్ చార్ట్: డిపెండెన్సీలు, క్రిటికల్ పాత్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

గాంట్ చార్ట్, అంటే ఏ పని ఎప్పుడు నడుస్తుందో బార్లతో చూపే బొమ్మ మీద, రివ్యూ దగ్గర పడేసరికి జూనియర్ల నుంచి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే ఒకచోట పెడుతున్నాను. ఉదాహరణగా కడప వైపు సివిల్ బ్యాచ్‌లు ఎక్కువగా ఎంచుకునే ప్రాజెక్టునే తీసుకున్నాను. ఎర్రగుంట్ల చుట్టుపక్కల బండల పాలీషు ఫ్యాక్టరీల్లో మిగిలే రాతిపొడిని ఇసుకకు బదులు 0, 10, 20, 30 శాతం కలిపి ఎం25 కాంక్రీట్ క్యూబ్‌లు పోసి, వాటి బలం చూడటం. బ్యాచ్‌లో నలుగురు. పనులు ఇవీ:

| నం. | పని | రోజులు | దేని తర్వాత |
|---|---|---|---|
| 1 | టాపిక్ ఖరారు, గైడ్ సంతకం | 4 | – |
| 2 | పాత పేపర్లు చదవడం | 9 | 1 |
| 3 | మెటీరియల్ తేవడం | 6 | 1 |
| 4 | మెటీరియల్ పరీక్షలు | 5 | 3 |
| 5 | మిక్స్ డిజైన్ | 3 | 2, 4 |
| 6 | ట్రయల్ మిక్స్ | 8 | 5 |
| 7 | క్యూబ్‌ల కాస్టింగ్ | 2 | 6 |
| 8 | 7 రోజుల పరీక్ష | 2 | 7 మొదలైన 7 రోజులకు |
| 9 | 28 రోజుల పరీక్ష | 2 | 7 మొదలైన 28 రోజులకు |
| 10 | ఫలితాల విశ్లేషణ | 4 | 8, 9 |
| 11 | రిపోర్ట్ మొదటి భాగం | 10 | 5 |
| 12 | రిపోర్ట్ చివరి భాగం | 5 | 10, 11 |
| 13 | గైడ్ దిద్దుబాట్లు, ప్రింట్, బైండింగ్ | 6 | 12 |
| 14 | పీపీటీ | 3 | 10 |
| 15 | వైవా | 0 | 13, 14 |

## పనుల జాబితా రాసేటప్పుడు

అన్నా, పనిని ఎంత చిన్నగా విడగొట్టాలి? "ప్రాజెక్ట్ వర్క్" అని ఒకే బార్ పెడితే సరిపోదా?

సరిపోదు. ఆ బార్ ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. ఒక పని ముగిసిందా లేదా అన్నది అవును, కాదు అని తేల్చి చెప్పగలిగేంత చిన్నదిగా ఉండాలి. "మెటీరియల్ పరీక్షలు" అంటే సీవ్ అనాలిసిస్, స్పెసిఫిక్ గ్రావిటీ రీడింగులు నోట్‌బుక్‌లో ఉన్నాయా అని అడగొచ్చు. అలాగని సీవ్ అనాలిసిస్‌కు ఒక బార్, జల్లెడలు కడగడానికి ఒక బార్ అక్కర్లేదు. నలుగురి బ్యాచ్‌కు 12 నుంచి 20 వరుసలు చాలు. అంతకు మించితే రెండో వారానికే చార్ట్‌ను అప్‌డేట్ చేయడం మానేస్తారు.

మేం రాసుకున్న జాబితాలో ఏవో పనులు తప్పిపోతున్నాయి. ముందే ఎలా పట్టుకోవాలి?

వైవా నుంచి వెనక్కి నడవండి. ప్రతి పని దగ్గరా "ఇది మొదలుపెట్టే రోజున నా చేతిలో ఏం ఉండాలి?" అని అడగండి. మెటీరియల్ పరీక్ష మొదలవ్వాలంటే చేతిలో పొడి ఉండాలి, అదీ ఆరిన పొడి ఉండాలి. పాలీషు ఫ్యాక్టరీలో బండను నీళ్లు పోస్తూ అరగదీస్తారు కాబట్టి పొడి బురదగా వస్తుంది. దాన్ని ఆరబెట్టి, గడ్డలు చిదిపితే గానీ జల్లెడలో వేయలేరు. "మెటీరియల్ తేవడం" అని రాసిన బ్యాచ్‌లలో చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు. వెనక్కి నడిస్తే ఇలాంటివి బయటపడతాయి, ముందుకు నడిస్తే పడవు.

ఏ పనికి ఎన్ని రోజులో మాకెలా తెలుస్తుంది? ఊరికే వేసేస్తున్నాం.

ల్యాబ్ పనులకు ల్యాబ్ అసిస్టెంట్‌ను అడగండి. ఆయన చెప్పిన లెక్క మీ గైడ్ చెప్పిన దానికంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. బయటి మనుషుల మీద ఆధారపడిన పనులకు మూడు అంకెలు వేసుకోండి: అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, మరీ చెడితే ఎన్ని. మెటీరియల్ తేవడానికి 3, 5, 13 అనుకుందాం. పెర్ట్ సూత్రం ప్రకారం:

```
(3 + 4*5 + 13) / 6 = 6
```

మామూలుగా 5 రోజులే అయినా చార్ట్‌లో 6 వేయాలి, ఎందుకంటే చెడినప్పుడు బాగా చెడుతుంది. కాంక్రీట్ ఎన్ని రోజులకు గట్టిపడుతుంది లాంటి వాటికి మాత్రం ఈ సూత్రం వద్దు. అక్కడ ఊహకు చోటు లేదు.

## డిపెండెన్సీలు కలిపేటప్పుడు

ఏ పని దేని తర్వాత రావాలో ఎలా తేల్చాలి? మేం జాబితాలో ఉన్న వరుసలోనే బాణాలు గీసేశాం.

అలా గీస్తే అన్ని పనులూ క్రిటికల్ అయిపోతాయి, చార్ట్ అబద్ధం చెబుతుంది. బాణం గీసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: "మొదటిది పూర్తి కాకపోతే రెండోది చేయడం అసలు కుదరదా, లేక అలా చేయడం మనకు అలవాటా?" పాత పేపర్లు చదవకపోయినా ఎర్రగుంట్ల వెళ్లి పొడి తేవచ్చు. కాబట్టి ఆ రెండింటి మధ్య బాణం ఉండకూడదు, అవి పక్కపక్కనే నడవాలి. మిక్స్ డిజైన్‌కు మాత్రం రెండూ కావాలి. ఎంత శాతం కలపాలో పేపర్లు చెబుతాయి, స్పెసిఫిక్ గ్రావిటీ విలువలు పరీక్షల నుంచి వస్తాయి. అందుకే దానికి రెండు బాణాలు.

క్యూరింగ్‌ను ఒక పనిగా వేయాలా? ఆ 28 రోజులూ మేం చేసేదేమీ లేదు కదా.

చేసేదేమీ లేకపోయినా రోజులు గడవాలి, కాబట్టి చార్ట్‌లో అది కనపడాలి. దీనికి రెండు దారులున్నాయి. 28 రోజుల బార్‌ను విడిగా వేయడం ఒకటి, రివ్యూలో చూపడానికి ఇది సులువు. నాకు నచ్చేది రెండోది: కాస్టింగ్ మొదలైన రోజుకు 28 రోజులు కలిపి పరీక్షను మొదలుపెట్టడం. దీన్ని స్టార్ట్ టు స్టార్ట్ డిపెండెన్సీ, 28 రోజుల ల్యాగ్ అంటారు.

కాస్టింగ్ ముగిసిన రోజు నుంచి ఎందుకు లెక్కపెట్టకూడదు? ఎందుకంటే ప్రతి క్యూబ్‌కూ దాని సొంత పుట్టినరోజు ఉంది. మొదటి 12 క్యూబ్‌లు 27వ రోజున, మిగతా 12 28వ రోజున పోస్తే వాటి పరీక్షలు 55, 56 రోజుల్లో పడాలి. కాస్టింగ్ ముగింపు నుంచి లెక్కేస్తే పరీక్ష 57వ రోజున మొదలవుతుంది. మొదటి క్యూబ్‌లకు అప్పటికి 30 రోజులు నిండిపోతాయి.

ల్యాబ్‌లో మౌల్డ్‌లు తక్కువ ఉన్నాయి. అది కూడా డిపెండెన్సీయేనా?

అవును, కాకపోతే వేరే రకం. ఇక్కడ ఒక పని మరో పనికి అడ్డు కాదు, వస్తువు అడ్డు. నాలుగు మిక్స్‌లకు ఒక్కోదానికి ఆరు క్యూబ్‌లు, మూడు 7 రోజుల పరీక్షకు, మూడు 28 రోజుల పరీక్షకు. మొత్తం 24. పోసిన 24 గంటలకు గానీ మౌల్డ్ ఖాళీ కాదు. 12 మౌల్డ్‌లుంటే కాస్టింగ్ రెండు రోజులు. పక్క బ్యాచ్ ఆరు తీసుకుపోతే నాలుగు రోజులు, అప్పుడు పరీక్షకూ నాలుగు రోజులు పడతాయి కాబట్టి ఆ రెండు రోజుల తేడా నేరుగా వైవా తేదీకి చేరుతుంది. 71 రోజుల ప్రాజెక్ట్ 73 అవుతుంది. పక్క బ్యాచ్ డీమౌల్డ్ చేసే రోజును కూడా మీ చార్ట్‌లో ఒక మైల్‌స్టోన్‌గా పెట్టి, మీ కాస్టింగ్‌ను దానికి కలపండి. వాళ్లతో ముందే మాట్లాడాల్సిన అవసరం అప్పుడు కళ్లకు కనిపిస్తుంది.

## చార్ట్ గీసేటప్పుడు

ఎక్సెల్‌లోనే చేయొచ్చా, వేరే సాఫ్ట్‌వేర్ కావాలా?

పదిహేను వరుసలకు ఎక్సెల్ చాలు. కాకపోతే తేదీలు చేత్తో టైప్ చేయకండి, ఫార్ములాలు రాయండి. లేకపోతే ఒక పని తేదీ మారినప్పుడు మిగతావి కదలవు. గాంట్‌ప్రాజెక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. అది బాణాలు గీసి, క్రిటికల్ పాత్‌ను తనే చూపిస్తుంది. అయినా మొదటిసారి ఎక్సెల్‌లో చేయమనే చెబుతాను. వైవాలో "ఈ 71 ఎలా వచ్చింది?" అని అడిగితే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది సార్ అనాల్సిన అవసరం ఉండదు.

ఎక్సెల్ ఫార్ములాలు ఎలా రాయాలి? బార్లు ఎలా వస్తాయి?

మొదటి వరుస హెడింగ్. A లో నంబరు, B లో పని, C లో రోజులు, D లో మొదలు, E లో ముగింపు. పని 1 రెండో వరుసలో ఉంటుంది, D2 లో 1 అని వేయండి. పని 5, అంటే మిక్స్ డిజైన్, ఆరో వరుసలో ఉంటుంది. అది పేపర్లు చదవడం, మెటీరియల్ పరీక్షలు రెండూ అయ్యాకే మొదలవుతుంది కాబట్టి D6, E6 లలో ఇలా రాయాలి:

```
=MAX(E3,E5)+1
=D6+C6-1
```

28 రోజుల పరీక్ష పదో వరుసలో, కాస్టింగ్ ఎనిమిదో వరుసలో ఉంటాయి. అక్కడ D10 లో:

```
=D8+28
```

బార్ల కోసం F1 నుంచి కుడివైపుకు 1, 2, 3 అని రోజుల నంబర్లు వేయండి. F2 నుంచి కింద, కుడి గళ్లన్నీ సెలెక్ట్ చేసి, Conditional Formatting లో New Rule తీసుకుని ఈ ఫార్ములా ఇచ్చి రంగు ఎంచుకోండి:

```
=AND(F$1>=$D2,F$1<=$E2)
```

డాలర్ గుర్తులు ఉన్నచోటే ఉండాలి. బార్లన్నీ ఒకే చోట పడ్డాయన్నా, మెట్లు మెట్లుగా పక్కకు జరిగాయన్నా డాలర్ తప్పిందని అర్థం. వైవా నిడివి సున్నా కాబట్టి దానికి బార్ రాదు, ఆ గడిలో చేత్తో ఒక గుర్తు పెట్టండి.

ఆదివారాలు, పండగలు లెక్కలోంచి తీసేయాలా?

మీరు చేసే పనులకు తీసేయొచ్చు, క్యూరింగ్‌కు తీయకూడదు. ట్యాంకులో ఉన్న క్యూబ్‌కు ఆదివారం తెలియదు. ఎంఎస్ ప్రాజెక్ట్ వాడేవాళ్లు ల్యాగ్‌ను `28d` అని ఇస్తే అది పనిదినాలు లెక్కేసి పరీక్షను ఐదు వారాలకు పైగా తోసేస్తుంది. `28ed` అని ఇవ్వాలి, అప్పుడే సెలవులతో సహా లెక్కేస్తుంది. నలుగురి ప్రాజెక్టుకు సులువైన పద్ధతి ఏమిటంటే, అన్ని పనులనూ క్యాలెండర్ రోజుల్లోనే వేసి, ఆదివారాలను నిడివిలోనే కలిపేసుకోవడం.

పరీక్ష రోజు ఆదివారం పడింది. ఇప్పుడేం చేయాలి?

అప్పటికే క్యూబ్‌లు పోసేసి ఉంటే ల్యాబ్ తెరిపించమని బతిమాలడమే. ఇంకా పోయకపోతే ఇది పూర్తిగా మీ చేతిలోనే ఉంది. 7, 28 రెండూ ఏడుతో భాగించబడతాయి కాబట్టి వారంలో ఏ రోజున పోశారో పరీక్షా వారంలో అదే రోజున పడుతుంది. ఆదివారం పరీక్ష వచ్చిందంటే కాస్టింగ్‌నే ఆదివారం పెట్టారన్నమాట.

మన ఉదాహరణను సోమవారం మొదలుపెడితే కాస్టింగ్ 27, 28 రోజుల్లో, అంటే శని, ఆదివారాల్లో పడుతుంది. దాన్ని సోమ, మంగళవారాలకు, అంటే 29, 30 రోజులకు జరపాలి. ప్రాజెక్ట్ 73 రోజులవుతుంది. శనివారం ఒక్కరోజులో అన్నీ పోసేద్దామనుకున్నా కుదరదు, మర్నాడు డీమౌల్డ్ చేయాలి కదా. ఆదివారం సెలవు ఉన్న ల్యాబ్‌లో సోమవారం నుంచి శుక్రవారం దాకానే కాస్టింగ్ రోజులు అనుకోండి.

## క్రిటికల్ పాత్ లెక్క

క్రిటికల్ పాత్ అంటే ముఖ్యమైన పనుల వరుసేనా?

కాదు. ముఖ్యమా కాదా అన్నదానితో దానికి సంబంధం లేదు. మొదటి నుంచి చివరిదాకా ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్లే దారులన్నింటిలో పొడవైనదే క్రిటికల్ పాత్. దాని పొడవే ప్రాజెక్ట్ పొడవు. ఆ దారిలో ఒక్కరోజు జారితే వైవా ఒక్కరోజు జారుతుంది. రాతిపొడి ప్రాజెక్టులో బైండింగ్ షాపు పని క్రిటికల్ పాత్‌లో ఉంది, పాత పేపర్లు చదవడం మాత్రం అందులో లేదు. చదువుపరంగా ఏది ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

చేత్తో లెక్కేసి చూపించమన్నారు. ఎలా వేయాలి?

ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నడవాలి. ముందుకు నడిచేటప్పుడు ప్రతి పని వీలైనంత త్వరగా ఎప్పుడు ముగుస్తుందో చూస్తాం. టాపిక్ 4వ రోజున, మెటీరియల్ 10న, పరీక్షలు 15న ముగుస్తాయి. పేపర్లు చదవడం 13నే అయిపోతుంది. మిక్స్ డిజైన్‌కు రెండూ కావాలి కాబట్టి ఆలస్యంగా వచ్చే 15ను తీసుకోవాలి. అది 18న, ట్రయల్ మిక్స్ 26న ముగుస్తాయి. కాస్టింగ్ 27, 28. పరీక్ష 55, 56. విశ్లేషణ 60న, రిపోర్ట్ చివరి భాగం 65న, బైండింగ్ 71న పూర్తి.

ఇప్పుడు 71 నుంచి వెనక్కి రండి, ప్రతి పని ఎంత ఆలస్యంగా ముగిసినా 71 చెడకుండా ఉంటుందో చూస్తూ. ముందుకు నడిచేటప్పుడు పెద్ద అంకె, వెనక్కి వచ్చేటప్పుడు చిన్న అంకె తీసుకోవాలి. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. రెండు ముగింపుల మధ్య తేడాయే ఫ్లోట్. పేపర్లు చదవడం 15 దాకా సాగొచ్చు, 13న అవుతుంది, ఫ్లోట్ 2. పీపీటీకి 8, రిపోర్ట్ మొదటి భాగానికి 32. ఫ్లోట్ సున్నా వచ్చిన 1, 3, 4, 5, 6, 7, 9, 10, 12, 13, 15 క్రిటికల్ పాత్.

సరిచూసుకోవడానికి కూడి చూడండి. కాస్టింగ్ రెండు రోజులు 28 రోజుల ల్యాగ్‌లో కలిసిపోయాయి కాబట్టి విడిగా కలపొద్దు:

```
4+6+5+3+8+28+2+4+5+6 = 71
```

7 రోజుల పరీక్షకు 21 రోజుల ఫ్లోట్ వచ్చింది. అంటే తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చా?

చేసుకోకూడదు. విశ్లేషణ ఎలాగూ 28 రోజుల ఫలితం కోసం ఆగుతుంది కాబట్టి లెక్క 21 అని చూపిస్తోంది. కానీ పదో రోజున పగలగొట్టిన క్యూబ్ 7 రోజుల బలం చెప్పదు. ఆ తేదీ కాంక్రీట్‌తో ముడిపడింది. ఇలాంటి పనికి చార్ట్‌లో వేరే రంగు వేసి, తేదీ పక్కన "కదలదు" అని రాయండి. ఫ్లోట్ ఉంది కదా అని వాయిదా వేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు.

## పని నడుస్తున్నప్పుడు

మెటీరియల్ నాలుగు రోజులు లేటైంది. చార్ట్ మొత్తం మళ్లీ గీయాలా?

ఫార్ములాలు ఉంటే 6 బదులు 10 వేస్తే చాలు. మెటీరియల్ 14వ రోజున ముగుస్తుంది, ప్రాజెక్ట్ 75 రోజులకు వెళుతుంది. పేపర్లు చదవడానికి ఫ్లోట్ 2 నుంచి 6కు పెరుగుతుంది. అంటే చదువుతున్న ఇద్దరిలో ఒకరిని పొడి ఆరబెట్టడానికి పంపవచ్చు. చార్ట్ ఉపయోగం ఇక్కడే. పాత చార్ట్‌ను మాత్రం చెరపకండి, కాపీ చేసి వేరే షీట్‌లో ఉంచండి. అనుకున్నది, జరిగినది పక్కపక్కన చూపితే రివ్యూలో ఆలస్యానికి కారణం అడిగినప్పుడు మాట తడబడదు.

సార్ వైవాను వారం ముందుకు జరిపారు. టెన్షన్‌గా ఉంది, ఎక్కడ తగ్గించాలి?

క్రిటికల్ పాత్ మీదే తగ్గించాలి. రిపోర్ట్ మొదటి భాగాన్ని పది రోజుల నుంచి నాలుగుకు తెచ్చినా 71 కదలదు, నిద్ర చెడుతుంది అంతే. 28 రోజుల క్యూరింగ్‌ను ఎంతమంది వచ్చినా తగ్గించలేరు. అది వదిలేసి మిగతావి చూద్దాం.

మెటీరియల్‌ను ముందే ఫోన్‌లో మాట్లాడుకుని 3 రోజుల్లో తెచ్చారనుకోండి. మూడు తగ్గాయి కానీ ప్రాజెక్ట్ రెండే తగ్గుతుంది. పరీక్షలు 12వ రోజుకే అయిపోయినా చదవడం 13 దాకా ఉంది కదా, ఇప్పుడు ఆ దారి క్రిటికల్ అయింది. ఇంకా లాగాలంటే చదువునూ తగ్గించాలి. విశ్లేషణకు గ్రాఫుల షీట్‌ను 7 రోజుల ఫలితాలతోనే తయారుచేసి ఉంచితే 4 రోజులు 2 అవుతాయి. క్యూరింగ్ సమయంలోనే రిపోర్ట్ మొదటి భాగాన్ని గైడ్‌కు ఇచ్చి దిద్దించుకుంటే చివరి 6 రోజులు 3 అవుతాయి. మొత్తం ఏడు తగ్గి 64.

ఇంకో లాభం కూడా ఉంది. సోమవారం మొదలైతే ఇప్పుడు కాస్టింగ్ 25, 26 రోజుల్లో, అంటే గురు, శుక్రవారాల్లో పడుతుంది. ఆదివారం బెడద పోయింది.

ఒకే వారంలో మూడు పనులు మా ఇద్దరి మీదే పడ్డాయి. చార్ట్ ప్రకారం అంతా సరిగ్గానే ఉంది!

చార్ట్ పనుల మధ్య బాణాలను చూస్తుంది, మనుషులను చూడదు. ప్రతి వరుస పక్కన ఎవరు చేస్తారో పేరు రాసి, ఒక్కొక్క పేరు కింద బార్లు ఎక్కడ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయో చూడండి. 71 రోజుల ప్లాన్‌లో 19 నుంచి 28వ రోజు దాకా రిపోర్ట్ మొదటి భాగం, ట్రయల్ మిక్స్, కాస్టింగ్ అన్నీ కలిసి వస్తాయి. కాస్టింగ్‌కు నలుగురూ కావాలి. రిపోర్ట్‌కు 32 రోజుల ఫ్లోట్ ఉంది కాబట్టి దాన్ని 29 నుంచి 38కి జరపండి. క్యూబ్‌లు నీళ్లలో ఉన్నంతకాలం ల్యాబ్‌లో ఎవరికీ పెద్ద పని ఉండదు. ఏ బార్‌ను జరపాలో తేల్చేది ఫ్లోటే, మీ ఓపిక కాదు.

## రివ్యూలో

గాంట్ చార్ట్‌కూ సీపీఎంకూ తేడా అడుగుతారంట. ఏం చెప్పాలి?

గాంట్ చార్ట్ ఏ పని ఎప్పుడు నడుస్తుందో కాలం గీత మీద చూపే బొమ్మ. 1910ల్లో హెన్రీ గాంట్ ప్రచారంలోకి తెచ్చాడు. అప్పటి చార్ట్‌లలో పనుల మధ్య బాణాలు ఉండేవి కావు. సీపీఎం అంటే క్రిటికల్ పాత్ మెథడ్, అది లెక్క వేసే పద్ధతి, 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్, రెమింగ్టన్ ర్యాండ్ కంపెనీలవాళ్లు తయారుచేశారు. ఏ పని జారితే మొత్తం జారుతుందో అది చెబుతుంది. మీరు చూపించేది సీపీఎం లెక్కతో వేసిన గాంట్ చార్ట్ అనండి.

ప్రింట్ తీస్తే క్రిటికల్ బార్లు, మిగతావి ఒకేలా కనిపిస్తున్నాయి.

బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్‌లో ఎరుపు, నీలం ఒకే బూడిద రంగులోకి వస్తాయి. క్రిటికల్ బార్లకు నిండు నలుపు, మిగతావాటికి గీతల ప్యాటర్న్ పెట్టండి. పేజీని అడ్డంగా, ఒక్క ఏ3 షీట్‌లో వచ్చేలా తీయండి. రెండు ఏ4లు అతికిస్తే క్యూరింగ్ మధ్యలోనే అతుకు పడి, ఎగ్జామినర్ సరిగ్గా అక్కడే వేలు పెట్టి అడుగుతారు.